జనవరి ఎంక్వయిరీలు నిజంగానే వృథాయా? నెలవారీ అడ్మిషన్ల శాతం లెక్కపై సందేహం

కౌంటర్_నాలుగు:
అందరికీ నమస్కారం. నేను ఒక కోచింగ్ సంస్థలో అడ్మిషన్ల విభాగం చూస్తున్నాను. మా దగ్గర రెండు కోర్సులు ఉన్నాయి. పదో తరగతి పూర్తిచేసినవారికి రెండేళ్ల నీట్ కోర్సు ఒకటి, ఒకసారి పరీక్ష రాసి ర్యాంకు చాలక మళ్లీ రాయదలచినవారికి ఏడాది లాంగ్ టర్మ్ ఇంకొకటి. గత సీజను లెక్కలు తీసి యాజమాన్యం ముందు పెట్టాను. జనవరిలో 420 ఎంక్వయిరీలు వచ్చాయి, ఆ నెల అడ్మిషన్లు 21, అంటే 5 శాతం. జూన్‌లో 300 ఎంక్వయిరీలు, 96 అడ్మిషన్లు, అంటే 32 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన మా డైరెక్టరు గారు, జనవరి స్కూలు సెమినార్లు, స్కాలర్‌షిప్ టెస్టు, కరపత్రాలు అన్నీ ఆపేసి ఆ ఖర్చంతా జూన్‌లో పెడదామని అంటున్నారు. ఆయన చెప్పేది తర్కబద్ధంగానే కనిపిస్తోంది, కానీ ఎక్కడో ఏదో పొసగడం లేదనే అనుమానం నన్ను వదలడం లేదు. ఇలాంటి లెక్క చేసి చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

ప్రచారం_నాది:
మీ డైరెక్టరు గారి నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. నేను మూడు సంస్థలకు ప్రచారం పనులు చూశాను. తల్లిదండ్రులు నిర్ణయం తీసుకునేది ఫలితాలు చేతికి వచ్చాకే. జనవరిలో ఫోన్ చేసేవారిలో సగం మంది ఊరికే ఫీజు ఎంతో కనుక్కుని పెట్టేసేవారే. వాళ్ల వెంట ఐదు నెలలు పడటానికి టెలికాలర్ల జీతాలు ఎంత అవుతాయో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అడ్మిషను ఫారంలో 'మా గురించి ఎలా తెలిసింది' అన్న గడిలో ఏది రాసి ఉందో చూడండి. చివరికి వాళ్లను లోపలికి తెచ్చిన ప్రచారం అదే కాబట్టి ఖర్చు కూడా అక్కడే పెట్టాలి.

చిన్నట్యూషన్:
నాది పదిహేను మంది పిల్లలున్న ట్యూషన్. అసలు జనవరిలో 420 ఎంక్వయిరీలు ఎలా వచ్చాయో కొంచెం వివరంగా చెప్పగలరా? నాకు ఏడాది మొత్తం కలిపినా అరవై రావు. కరపత్రాలు ఎక్కడ పంచారు, ఎన్ని వేశారు?

పాతలెక్క:
చిన్నట్యూషన్ గారూ, అది వేరే ప్రశ్న, దానికి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా రాస్తాను. ఇక్కడి ప్రశ్న ఎంక్వయిరీలు ఎలా తేవాలన్నది కాదు, వచ్చినవాటిని ఎలా లెక్కపెట్టాలన్నది.

కౌంటర్_నాలుగు గారూ, మీ రెండు శాతాల్లోనూ పైన ఉన్న అంకెకూ కింద ఉన్న అంకెకూ సంబంధం లేదు. జూన్‌లో చేరిన 96 మంది జూన్‌లో ఎంక్వయిరీ చేసిన 300 మందిలోంచే వచ్చారన్న హామీ ఎక్కడుంది? అందులో కొందరు జనవరిలో స్కాలర్‌షిప్ టెస్టు రాసి, మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాలు చూసుకుని, వేసవి సెలవులు గడిపి, జూన్‌లో మీ కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లు అయి ఉంటారు. అదే నిజమైతే జనవరి వేసిన విత్తనానికి జూన్ పంట కోసుకుంటోంది, మీ పట్టిక ఆ పంటంతా జూన్ పేరున రాస్తోంది.

కాబట్టి ఒకే ఒక పని చేయండి. జూన్‌లో చేరిన 96 మందినీ తీసుకుని, ఒక్కొక్కరు మీ రికార్డుల్లో మొట్టమొదట ఏ తేదీన కనిపించారో రాయండి. మీ షీటులో మొదటి ఎంక్వయిరీ తేదీ విడిగా ఉందా?

కౌంటర్_నాలుగు:
విడిగా లేదు. ఎవరైనా ఫోన్ చేసినా, స్వయంగా వచ్చినా ఆ రోజు తేదీతో ఒక కొత్త వరుస చేరుతుంది. ఒకే కుటుంబం నాలుగుసార్లు మాట్లాడితే నాలుగు వరుసలు ఉంటాయి. అడ్మిషను అయినప్పుడు చివరి వరుసలో ఉన్న తేదీ, మూలం మాత్రమే అడ్మిషను ఫారంలోకి ఎక్కుతాయి.

హెడ్‌సెట్:
నేను నాలుగేళ్లు టెలికాలర్‌గా పనిచేశాను కాబట్టి ఆ 'మూలం' గడి ఎలా నిండుతుందో చెబుతాను. మా సంస్థలో కొత్త ఎంక్వయిరీ తెచ్చినవారికి కొంత ప్రోత్సాహకం ఉండేది, పాతదాన్ని ఫాలోఅప్ చేసి చేర్పించినవారికి అంతకంటే తక్కువ ఇచ్చేవారు. అందువల్ల ఫిబ్రవరిలో వేరే అమ్మాయి మాట్లాడిన నంబరు మేలో నాకు తగిలితే, పాత వరుస వెతకకుండా నేను కొత్త వరుసే రాసేదాన్ని. అందరం అలాగే చేసేవాళ్లం. ఇక వాళ్లు స్వయంగా వచ్చి కౌంటరు ముందు కూర్చుంటే, అక్కడి వాళ్లు కళ్లు మూసుకుని 'వాకిన్' అని రాసేవారు. మెట్లెక్కి వచ్చినవాళ్లందరూ వాకినే కదా అని వారి వాదన. ఆ కుటుంబాన్ని మా సెమినారు తెచ్చిందా, పక్కింటి పిల్లవాడి ర్యాంకు తెచ్చిందా అన్నది ఆ గడి ఎప్పటికీ చెప్పదు. ప్రచారం_నాది గారు ఖర్చుకు ప్రమాణంగా పెట్టుకోమంటున్నది ఆ గడినే.

పాతలెక్క:
హెడ్‌సెట్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను చూసిన ప్రతి షీటులోనూ 'వాకిన్' అన్నది మూలం కాదు, మూలం అడగలేదన్న సమాచారం.

ఇక్కడ అదృష్టం ఏమిటంటే, కొత్త వరుసలు రాశారే తప్ప పాతవాటిని చెరిపేయలేదు. కాబట్టి చరిత్ర మొత్తం షీటులోనే ఉంది, దాన్ని బయటికి తీయడమే మిగిలింది. A కాలమ్‌లో తేదీ, B లో ఫోన్ నంబరు ఉన్నాయనుకుందాం. ఒకరు ముందు +91 పెడతారు, ఒకరు సున్నా పెడతారు, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదులుతారు. అందువల్ల ముందుగా H కాలమ్‌లో నంబరును చివరి పది అంకెలకు కుదించండి, తర్వాత I కాలమ్‌లో ఆ నంబరుకు సంబంధించిన అతి పాత తేదీని తీయండి.

```
H2: =RIGHT(SUBSTITUTE(B2," ",""),10)
I2: =MINIFS(A:A,H:H,H2)
```

I కాలమ్‌లోని నెలను నిలువుగా, అడ్మిషను తేదీ నెలను అడ్డంగా పెట్టి ఒక పివట్ టేబుల్ వేస్తే, ఏ నెలలో మొదటిసారి పలకరించినవారు ఏయే నెలల్లో చేరారో కనిపిస్తుంది. ఒకే విద్యార్థి రెండుసార్లు లెక్కకు రాకుండా చూసుకోండి.

కౌంటర్_నాలుగు:
చేశాను, కానీ ఫలితం వింతగా ఉంది. జూన్‌లో చేరినవారిలో ఆరుగురి మొదటి ఎంక్వయిరీ తేదీ రెండేళ్ల క్రితానిది వస్తోంది. ఒకరిది మూడేళ్ల క్రితానిది. అప్పటికి ఆ అమ్మాయి ఏడో తరగతిలో ఉండాలి.

పాతలెక్క:
అది అన్నయ్యో అక్కయ్యో అయి ఉంటారు. తండ్రి ఫోన్ నంబరు ఒకటే, పిల్లలు ఇద్దరు. నంబరు ఒక్కదానితోనే వెతికితే పెద్దవాడి ఎంక్వయిరీ చిన్నదాని ఖాతాలో పడుతుంది. నేను ముందే చెప్పి ఉండాల్సింది. లెక్కను సీజను మొదలైన తేదీ నుంచి మాత్రమే తీసుకోండి, ఉదాహరణకు అక్టోబరు 1 నుంచి:

```
I2: =MINIFS(A:A,H:H,H2,A:A,">="&DATE(2024,10,1))
```

ఒకే సీజనులో అన్నాతమ్ముళ్లు ఇద్దరూ ఉంటే, అంటే పెద్దవాడు లాంగ్ టర్మ్‌కూ చిన్నవాడు రెండేళ్ల కోర్సుకూ వస్తే, ఇదీ పట్టుకోలేదు. అలాంటివి పది పన్నెండుకు మించవు కాబట్టి విద్యార్థి పేరు చూసి చేతితో విడదీయండి. దీనికి తలకిందులుగా ఉండే చిక్కు ఇంకొకటి ఉంది. జనవరిలో సెమినారు ఫారంలో పిల్లవాడు అమ్మ నంబరు రాస్తాడు, జూన్‌లో నాన్న తన ఫోను నుంచి మాట్లాడతాడు. సూత్రానికి వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. అడ్మిషను ఫారంలో ఇద్దరి నంబర్లూ ఉంటాయి కనుక, చేరినవారి విషయంలో మాత్రం రెండు నంబర్లతోనూ వెతకండి.

రెండో_ఫోన్:
తండ్రిగా ఒక మాట చెప్పాలనిపించింది. మా వాడి చదువు కోసం ఒక సంస్థకు నేనూ, మా ఆవిడా, చివరికి మా బావమరిదీ విడివిడిగా ఫోన్ చేశాం. ముగ్గురికీ ముగ్గురు కౌన్సెలర్లు రోజూ ఫోన్ చేసేవారు, ముగ్గురూ మూడు రకాల రాయితీలు చెప్పేవారు. చివరికి ఎవరు చెప్పింది నిజమో తేలక అక్కడ చేర్చలేదు. మీ షీటులో మేము ముగ్గురు పోయిన కస్టమర్లుగా కనిపిస్తూ ఉంటాం కాబోలు.

కౌంటర్_నాలుగు:
రెండో_ఫోన్ గారూ, మా దగ్గర కూడా మీలాంటివారు కనీసం పాతికమంది దొరికారు. నిన్నా ఈరోజూ కూర్చుని లెక్క పూర్తిచేశాను.

జూన్‌లో చేరిన 96 మందిలో జూన్‌లోనే తొలిసారి మాట్లాడినవారు 45 మంది మాత్రమే. 24 మంది జనవరిలో, 10 మంది ఫిబ్రవరిలో, మిగతా 17 మంది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మొదటిసారి మా రికార్డుల్లోకి వచ్చినవారు. ఆ జనవరి 24 మందిలో 19 మంది అడ్మిషను ఫారంలో 'వాకిన్' అనే ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే ఆ 19 మందిలో ఎక్కువమంది స్కాలర్‌షిప్ టెస్టు రాసినవారో, సెమినారులో ఫారం నింపినవారో తేలింది.

జనవరి 420 వరుసల్లో పునరావృతాలూ, నవంబరు, డిసెంబరుల్లోనే మాట్లాడినవారూ పోగా 352 కుటుంబాలు మిగిలాయి. వారిలో జనవరిలోనే చేరినవారు 12, ఫిబ్రవరిలో 6, మార్చిలో 5, ఏప్రిల్‌లో 17, మేలో 10, జూన్‌లో 24. మొత్తం 74, అంటే 21 శాతం. జూన్ 300 వరుసల్లో నిజంగా కొత్త కుటుంబాలు 186 మాత్రమే. వారిలో జూన్‌లో 45, జూలైలో 8 కలిపి 53 మంది చేరారు, అంటే 28 శాతం. 5కూ 32కూ ఉన్న దూరం 21కీ 28కీ తగ్గింది. అయినా జూనే ముందుంది కదా అని డైరెక్టరు గారు అంటారేమో?

పాతలెక్క:
జూన్ 186ను కోర్సులవారీగా విడగొట్టారా?

కౌంటర్_నాలుగు:
ఇప్పుడే చూశాను. లాంగ్ టర్మ్ కుటుంబాలు 110, చేరినవారు 38. రెండేళ్ల కోర్సు కుటుంబాలు 76, చేరినవారు 15. అంటే 35 శాతం ఒకటి, 20 శాతం ఇంకొకటి. జనవరివి దాదాపు అన్నీ రెండేళ్ల కోర్సువే. అంటే ఒకే కోర్సు లోపల పోలిస్తే జనవరి 21, జూన్ 20!

పాతలెక్క:
తేడా అంతా అక్కడే ఉంది. జూన్ మెరుగ్గా కనిపించడానికి కారణం నెల కాదు, ఆ నెలలో వచ్చే మనుషులు వేరు. లాంగ్ టర్మ్ విద్యార్థికి నీట్ ఫలితం వచ్చిన రోజునే తాను మళ్లీ రాయాలో వద్దో తెలుస్తుంది. అతను ఎంక్వయిరీ చేసిన పది పదిహేను రోజుల్లో ఎక్కడో ఒకచోట చేరిపోతాడు. పదో తరగతి పిల్లవాడి కుటుంబం నాలుగైదు నెలలు ఆలోచిస్తుంది. ఈ ఇద్దరినీ ఒకే పట్టికలో కలిపితే ఏ నెల శాతం చూసినా ఆ నెలలో ఎవరు ఎక్కువ వచ్చారన్నదే కనిపిస్తుంది, ప్రచారం ఎలా పనిచేసిందన్నది కనిపించదు.

ఇంకొక జాగ్రత్త. లాంగ్ టర్మ్ లెక్కను క్యాలెండరు నెలలతో ఏడాదికీ ఏడాదికీ పోల్చకండి. నీట్ ఫలితాలు 2024లో జూన్ 4న వచ్చాయి, 2025లో జూన్ 14న వచ్చాయి. జూన్ మొదటి పక్షాన్ని రెండేళ్లకూ పక్కపక్కన పెడితే 2025లో కౌంటరు నిద్రపోయిందనిపిస్తుంది, నిజానికి ఫలితమే రాలేదు. ఫలితం వచ్చిన రోజును సున్నాగా పెట్టుకుని, ఏడో రోజుకు ఎంత, పదిహేనో రోజుకు ఎంత అని లెక్కించండి. రెండేళ్ల కోర్సుకు కూడా పదో తరగతి ఫలితాల రోజుతో అదే పని చేయవచ్చు.

ప్రచారం_నాది:
సరే, శాతాల విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. జనవరి కుటుంబానికి జూన్ దాకా ఎన్ని ఫోన్లు చేశారు? ఒక్కొక్కరికి పదిహేను ఫోన్లు, రెండు డెమో క్లాసులు, ఒక కౌన్సెలింగ్ అయితే, ఆ ఖర్చు కలిపాక 21 శాతం అంత తీపిగా ఉండదు. జూన్‌లో వచ్చినవాడికి మూడు ఫోన్లు చాలు.

పాతలెక్క:
ఈ మాట నేను ఒప్పుకుంటున్నాను, నా పట్టికలో అది లేదు. ఫాలోఅప్ ఖర్చును అది జరిగిన నెల ఖాతాలో కాకుండా, ఆ కుటుంబం మొదట వచ్చిన నెల ఖాతాలో రాయాలి. మే నెలలో జనవరి జాబితాకు చేసిన ఫోన్లు జనవరి ఖర్చే. కాల్ లాగ్ ఉంటే నెలకు ఎన్ని ఫోన్లు ఏ జాబితాకు వెళ్లాయో తీయవచ్చు. ఆ లెక్క వేశాక జనవరి ఖరీదైనదని తేలినా ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పుడు కూడా సెమినార్లు ఆపాలా, లేక 352 మందికీ సమానంగా ఫోన్లు చేయడం ఆపాలా అన్నది వేరే ప్రశ్న. నా అనుభవంలో రెండోదే తరచుగా సరైన జవాబు అవుతుంది. టెస్టు రాసి, తల్లిదండ్రులతో వచ్చి డెమో క్లాసులో కూర్చున్నవారికీ, కరపత్రం చూసి ఫీజు అడిగి పెట్టేసినవారికీ ఒకే వరసలో ఫోన్లు వెళుతూ ఉంటాయి.

ఫీజుబుక్కు:
నేను అకౌంట్స్ వైపు నుంచి చూస్తున్నాను. మీరందరూ 'చేరారు' అని రాస్తున్నారు. చేరడమంటే ఏమిటి? టోకెన్ అడ్వాన్సు కట్టడమా, మొదటి వాయిదా కట్టడమా, తరగతికి వచ్చి కూర్చోవడమా? మా దగ్గర ఒక ఏడాది కౌన్సెలర్ల జాబితా ప్రకారం ఉన్న అడ్మిషన్లకూ, ఆగస్టు హాజరు పట్టీలో ఉన్న పేర్లకూ తేడా ఎంత వచ్చిందంటే, ఒక సెక్షనుకు అధ్యాపకులను నియమించాక ఆ సెక్షనే అవసరం లేదని తేలింది. టోకెన్ కట్టినవాడు మరో రెండు సంస్థల్లో కూడా టోకెన్ కట్టి ఉంటాడు.

కౌంటర్_నాలుగు:
మేము టోకెన్ కట్టినా అడ్మిషను అనే రాస్తాం. కౌన్సెలర్ల ప్రోత్సాహకం దాని మీదే ఉంది.

ఫీజుబుక్కు:
అయితే మీ 74ను మళ్లీ తెరవాలి. టోకెన్, మొదటి వాయిదా, తరగతులు మొదలయ్యాక ముప్పయ్యో రోజు హాజరు అన్న మూడింటికి మూడు తేదీల గడులు పెట్టండి. ప్రచారం పనిచేసిందా అన్న ప్రశ్నకు మూడోది వాడండి. తొందరపెట్టి టోకెన్ కట్టించిన అడ్మిషన్లే తర్వాత రిఫండు దరఖాస్తులై తిరిగొస్తాయి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల ప్రకారం, పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి సరిపడా మొత్తాన్ని పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. అంటే ఒక అడ్మిషను వెనక్కి పోతే దాని ఆదాయం పోవడం మాత్రమే కాదు, ఆ సీటు కోసం పెట్టిన ప్రచారం ఖర్చు కూడా మీ మీదే మిగులుతుంది.

ఆ మార్గదర్శకాల్లోనే ఇంకొక మాట ఉంది, అది మీకు నేరుగా తగులుతుంది. పదహారేళ్లు నిండనివారిని చేర్చుకోకూడదనీ, సెకండరీ స్కూలు పరీక్ష తర్వాతే చేర్చుకోవాలనీ అందులో రాసి ఉంది. జనవరిలో చేరారని మీరు రాసిన 12 మంది పదో తరగతి చదువుతున్న పిల్లలే కదా?

కౌంటర్_నాలుగు:
అవును, పదో తరగతి వారే. స్కాలర్‌షిప్ టెస్టులో రాయితీ వచ్చినవారు సీటు రిజర్వు చేసుకున్నారు. తరగతులు మాత్రం పరీక్షల తర్వాతే మొదలుపెట్టాం. మా వాళ్లు దాన్ని రిజర్వేషను అంటారు, చేర్చుకోవడం అనరు.

ప్రచారం_నాది:
అవి మార్గదర్శకాలే, వాటిని అమలుచేయాల్సింది రాష్ట్రాలు. డబ్బు తీసుకుని సీటు అట్టిపెట్టడం చేర్చుకోవడం కిందికి వస్తుందా రాదా అన్నది స్పష్టంగా లేదని మేము అనుకుంటూ ఉంటాం.

ఫీజుబుక్కు:
మీరు అనుకోవడం వేరు, రసీదు మీద ఏమి రాసి ఉందన్నది వేరు. మా రసీదు మీద 'అడ్మిషన్ ఫీజు' అని ముద్రించి ఉండేది. దాన్ని రిజర్వేషను అని ఎవరికి నచ్చజెబుతారు? ఇది న్యాయవాదిని అడగాల్సిన విషయం, ఇక్కడ తేలదు. లెక్క విషయానికి వస్తే, జనవరి నుంచి మార్చి వరకు డబ్బు తీసుకోకుండా ఆసక్తి మాత్రమే నమోదు చేసుకునే పద్ధతికి మీరు మారితే, వచ్చే ఏడాది ఆ మూడు నెలల అడ్మిషన్లు సున్నాగా కనిపిస్తాయి. అప్పుడు జనవరి పూర్తిగా దండగ అని ఇంకెవరో అంటారు.

హెడ్‌సెట్:
టెలికాలర్ల వైపు నుంచి ఒక విన్నపం. మొదటి ఎంక్వయిరీ ఎవరిదో వారికీ, చివర చేర్పించినవారికీ ప్రోత్సాహకం పంచితే కొత్త వరుసలు రాసే అలవాటు చాలావరకు పోతుంది. లేకపోతే మీరు ఎన్ని సూత్రాలు రాసినా, మేము పాత నంబరుకు ముందు ఒక సున్నా చేర్చి కొత్తదిగా రాస్తాం. నవ్వులాటకు చెప్పడం లేదు, మా పక్క బల్ల ఆవిడ నిజంగానే అలా చేసేది.

పాతలెక్క:
చివరి పది అంకెలే తీసుకోమన్నది అందుకే!

కౌంటర్_నాలుగు గారూ, ఇంకొక సంగతి ఇప్పుడే చెప్పకపోతే ఈ సీజనులోనే మీకు తగాదా వస్తుంది. ఈ ఏడాది జనవరి జాబితాను మార్చి చివర్లో చూసి, గత ఏడాది 21 శాతంతో పోల్చితే ఘోరంగా ఉందని అందరూ కంగారుపడతారు. గత ఏడాది జాబితా కూడా మార్చి చివరికి 12, 6, 5 కలిపి 23 మంది దగ్గరే ఉంది, అంటే 6.5 శాతం. మిగతా 51 మంది ఏప్రిల్ తర్వాతే వచ్చారు. కాబట్టి ఈ ఏడాది మార్చి 31న పోల్చాల్సింది 6.5తో. ఏ జాబితానైనా దాని వయసుకు తగిన పాత జాబితాతోనే కొలవాలి, ఆరు నెలల పిల్లను మూడేళ్ల పిల్ల పక్కన నిలబెట్టి పొడవు చూడకూడదు. ఫీజుబుక్కు గారు చెప్పినట్లు టోకెన్లు ఆపితే ఈ 6.5 కూడా పనికిరాదు. అప్పుడు మార్చి చివర్లో చూడాల్సింది వేరే అడుగు, అంటే తల్లిదండ్రులతో వచ్చి డెమో క్లాసులో కూర్చున్నవారు ఎందరన్నది. ఆ అంకె గత ఏడాదికి మీ దగ్గర ఉందా?

కౌంటర్_నాలుగు:
డెమో హాజరు కాగితం రిజిస్టరులో ఉంది, షీటులో లేదు. ఎక్కించాలి.

ఈ పట్టికను డైరెక్టరు గారికి చూపించాను. ఆయన శాంతంగా చూసి ఒక ప్రశ్న వేశారు, దానికి నా దగ్గర జవాబు లేదు. జనవరిలో మన సెమినారుకు వచ్చిన పిల్లవాడు జూన్‌లో చేరాడు సరే, సెమినారు పెట్టకపోతే జూన్‌లో చేరేవాడే కాదని ఎలా చెప్పగలవు అన్నారు.

పాతలెక్క:
ఆయన అడిగింది సరైన ప్రశ్న, ఈ పట్టిక దానికి జవాబు చెప్పలేదు. ఎవరు ఎప్పుడు మొదట పలకరించారన్నది ఇది చూపిస్తుంది, ఎందుకు చేరారన్నది చూపించదు. మా సంస్థలో ఒకసారి ఇలా ప్రయత్నించాం. ఏటా సెమినారుకు వెళ్లే నలభై స్కూళ్లను, గత మూడేళ్లలో ఒక్కో స్కూలు నుంచి ఎంతమంది చేరారన్నదాన్ని బట్టి జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికి చీటీ తీసి ఆ ఏడాది వెళ్లడం మానేశాం. జూలైలో రెండు వైపులా స్కూళ్ల నుంచి చేరినవారిని లెక్కించాం. వెళ్లిన స్కూళ్ల వైపు కొంత ఎక్కువ వచ్చింది, కానీ మేము అనుకున్నంత రాలేదు. ఇరవై జతల్లో ఒక్క స్కూలు నుంచే తొమ్మిది మంది రావడంతో, ఆ ఒక్కదాన్ని తీసేస్తే తేడా సగానికి పడిపోయింది. అంత చిన్న లెక్క మీద గట్టిగా ఏమీ అనలేను. అదీ కాక, మేము వెళ్లని స్కూళ్లకు ఆ ఏడాది మా పోటీదారులు వెళ్లారని తర్వాత తెలిసింది.

ప్రచారం_నాది:
అంటే ఇంత చేశాక కూడా సెమినార్ల మీద ఖర్చు పెట్టాలో వద్దో తేలలేదన్నమాట.

పాతలెక్క:
పూర్తిగా ఆపడానికి చూపించిన కారణం తప్పని తేలింది. ఎంత పెట్టాలన్నది తేలలేదు.

కౌంటర్_నాలుగు:
డైరెక్టరు గారు జనవరిని ఆపడం లేదు. కరపత్రాలు మానేసి సెమినార్లు, టెస్టు ఉంచమన్నారు. స్కూళ్లను జతలు చేసే ఆలోచన కూడా నచ్చింది, కానీ మాకు పద్దెనిమిది స్కూళ్లే ఉన్నాయి, అందులో రెండు మా ట్రస్టీల బంధువులవి కాబట్టి వాటిని మానడం కుదరదు. మిగిలిన పదహారును ఎనిమిది జతలు చేస్తున్నాను. మూలం గడి పక్కన 'మొదటి మూలం' అని మరో గడి పెట్టి, ఒకసారి నింపాక మార్చలేకుండా తాళం వేశాను. ఇవాళ మొదటి రోజే ఒక కౌన్సెలరు వచ్చి, తాళం తీయమని అడిగారు. తాను తెచ్చిన కుటుంబం నవంబరులోనే వేరొకరి పేరు మీద ఉందట.

హెడ్‌సెట్:
తీయకండి.

ఫీజుబుక్కు:
తాళం తీయకండి గానీ, నవంబరు వరుసలో ఉన్న విద్యార్థి పేరు ఒకసారి చూడండి. అన్నయ్యది కావచ్చు.

కౌంటర్_నాలుగు:
చూశాను. అన్నయ్యదే. ఇద్దరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, వరుసలో ఇంటిపేరు మాత్రమే పూర్తిగా రాసి ఉంది. రేపటి నుంచి పిల్లల పేరు పూర్తిగా రాయనిదే వరుస సేవ్ కాకుండా చేయవచ్చా అని చూస్తున్నాను. ఫోనులో పిల్లవాడి పేరు చెప్పడానికి ఇష్టపడని తల్లిదండ్రుల విషయంలో ఏమి చేయాలో మాత్రం తెలియడం లేదు. ఈ విషయంలో ఎవరికైనా అనుభవం ఉంటే రాయండి.